ఓడలో మనవాడు - నిద్ర, దిగులు

నల్లగొండలో ‘సాగర్’ అంటే నాగార్జునసాగరే. సముద్రం చూడని ఇళ్ళ నుంచి కూడా ఇప్పుడు మన కుర్రాళ్ళు సరుకు ఓడల్లోకి వెళుతున్నారు. వారి జబ్బు ఇంటివారికి అంతుపట్టదు.

దేవరకొండ వైపు యువకుడొకరు తొమ్మిది నెలల కాంట్రాక్టు ముగించుకుని నా దగ్గరకు వచ్చారు. రాత్రి కునుకు పట్టదు, చీటికి మాటికి కోపం. రక్తపరీక్షల్లో లోపమేమీ కనబడలేదు. ఓడలో దినచర్య అడిగాను.

అర్ధరాత్రి నుంచి నాలుగు వరకు కాపలా. ఎనిమిది నుంచి పన్నెండు వరకు తుప్పు గీకి రంగు వేయడం. మళ్ళీ నాలుగు వరకు కాపలా, ఆరు వరకు అదనపు పని. మిగిలింది పది గంటలు. అంతర్జాతీయ నియమం ప్రకారం రోజుకు కనీస విశ్రాంతి అంతే. అందులో ఒక విడత ఆరు గంటలకు తగ్గకూడదు. ఒక్క రోజు లెక్క చూస్తే కాగితం మీద తప్పు లేదు. కాని విశ్రాంతి వేరు, నిద్ర వేరు.

ఓడ పశ్చిమాఫ్రికా తీరంలో ఉండేది. అక్కడ సాయంత్రం ఆరైతే మనకు రాత్రి పదకొండున్నర. అప్పుడు మొదలైన ఫోను అక్కడి తొమ్మిది దాకా సాగేది. ఇక్కడ భార్యకు తెల్లవారుజామున రెండున్నర! ఆయన నిద్ర మొత్తం నాలుగున్నర గంటలే. ఇద్దరికీ నిద్ర లేదు, మాటల్లో చిరాకు, ఆపైన దిగులు.

మళ్ళీ ఓడ ఎక్కేముందు ఇలా చెప్పాను. తెల్లవారి నాలుగింటికి కాపలా దిగగానే పావుగంట మాట్లాడండి, మనకప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. కిటికీకి మందపు తెర వేసి ఏడున్నర దాకా పడుకోండి. సాయంత్రం భోంచేసి ఏడు నుంచి పదకొండున్నర వరకు నిద్రపోండి. రెండూ కలిపి ఏడున్నర గంటలు. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత టీ, కాఫీ వద్దు. రాత్రి కాపలాలో మొదట్లో ఒక కప్పు చాలు. నిద్రమాత్ర, మద్యం జోలికి పోకండి. మత్తు వదలకముందే కాపలాకు లేవాల్సి వస్తుంది. రోజుకొక పూట భోజనం గదిలో కాక నలుగురితో కలిసి చేయండి.

పని గంటలు ఇంతకు మించితే ఈ ఉపాయాలు చాలవు. విశ్రాంతి గంటల పట్టీలో జరిగినదే రాయించి, సంతకమైన నకలు దగ్గర పెట్టుకోండి. ఓడలోనే ఫిర్యాదు చేసే హక్కు ఉంది.

ఇంటివారికి ఒక మాట. తీరిక దొరికినా రెండు వారాలుగా నిద్ర పట్టకపోవడం, తిండి మానడం, ఫోను ఎత్తకపోవడం చూస్తే అది మామూలు అలసట కాదు. ‘నేను లేకపోతేనే నయం’ అన్నారా, ఆ రోజే ఓడ కంపెనీకి చెప్పి, కెప్టెన్ ఆయనను ఒంటరిగా వదలకుండా చూడమనండి. కెప్టెన్ రేడియో ద్వారా వైద్య సలహా తీసుకోగలరు. మీకు సలహా కావాలంటే 14416 టెలిమానస్‌కు తెలుగులోనే ఉచితంగా ఫోను చేయవచ్చు.