నాచ్ కింద చిక్కుకున్న బటన్

2017లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ను అడ్డంగా పట్టుకుని ఆడితే, పైనుండే నాచ్ పక్కకు వస్తుంది. అంచున పెట్టిన బటన్ దాని కింద చిక్కుకుంటుంది.

అందుకే ఫోనే ఆటకు 'సేఫ్ ఏరియా' కొలత చెబుతుంది. యూనిటీలో అది `Screen.safeArea`. ఈ ఫోన్ అడ్డం వెడల్పు 2436 పిక్సెళ్లు. రెండు పక్కలా 132 చొప్పున, కింద 63 వదిలేయమంటుంది. నాచ్ ఒకవైపే ఉన్నా ఇది మంచిదే, ఫోన్ తిప్పి పట్టుకున్నా బటన్లు కదలవు. వెనక దృశ్యం మాత్రం అంచుల దాకా పరుచుకోవాలి.

ఈ కొలతను ఆట మొదట్లో ఒక్కసారే చదివితే మడత ఫోన్‌లో దొరికిపోతారు. మధ్యలో ఫోన్ తెరవగానే తెర దాదాపు చతురస్రమవుతుంది, బటన్లు పాత చోటే ఉండిపోతాయి. కొలత మారినప్పుడల్లా మళ్లీ చదివి వాటిని సర్దాలి. విడుదలకు ముందు ఆట నడుస్తుండగానే ఫోన్‌ను తిప్పి, మడిచి, తెరిచి చూడండి.