నరం కొసన ఒక చిన్న కోత

1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్జెల్ అనే ఊళ్లో ఓ అంత్యక్రియలకు వాయించడానికి వచ్చిన బ్యాండువాళ్లు భోజనంలో ఉప్పులో ఊరిన పంది మాంసం తిన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఒకటి రెండుగా కనబడసాగింది. రెప్పలు వాలిపోయాయి, మింగుడు పడలేదు. ముగ్గురు చనిపోయారు. స్పృహ తప్పకుండా, స్పర్శ పోకుండా, కండరాలు మాత్రం పై నుంచి కిందికి పడిపోతూ రావడం ఈ విషం గుర్తు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసంలో దీనికి కారణమైన బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. దాని విషమే బోటులినం.

ఇంతకీ అది దెబ్బతీసేది ఎక్కడ? నరం వచ్చి కండరాన్ని తాకే చోట. నరం కొసలో మిల్లీమీటరులో ఇరవైవేల వంతు ఉండే తిత్తులు బారులు తీరి ఉంటాయి. ఒక్కో తిత్తిలో కొన్ని వేల ఎసిటైల్‌కోలిన్ అణువులు ఉంటాయి. కొన్ని తిత్తులు ముందే నరం పొరకు ఆనుకుని సిద్ధంగా ఉంటాయి. తిత్తి మీది సినాప్టోబ్రెవిన్, పొర మీది సింటాక్సిన్, స్నాప్-25 అనే ప్రొటీన్లు తాడు పేనినట్టు ఒకదానికొకటి మెలిపడి తిత్తిని పొరకేసి లాగుతాయి. నరంలో విద్యుత్ సంకేతం రాగానే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. దాన్ని సినాప్టోటాగ్మిన్ పసిగడుతుంది, మెలిక బిగుస్తుంది, తిత్తి పొరలో కలిసి తెరుచుకుంటుంది. ఎసిటైల్‌కోలిన్ బయటపడి కండరాన్ని కదిలిస్తుంది. ఇదంతా మిల్లీసెకను లోపే.

ఖాళీ అయిన తిత్తిని నరం మళ్లీ లోపలికి తీసుకుంటుంది. విషం చొరబడేది సరిగ్గా ఇక్కడే. తెరుచుకున్నప్పుడు తిత్తి లోపలి వైపున్న ఎస్‌వీ2 అనే ప్రొటీన్ బయటికి కనబడుతుంది. విషం దాన్ని పట్టుకుని తిత్తితో పాటే లోపలికి పోతుంది. అంటే ఎక్కువగా పనిచేసే నరమే ఎక్కువ విషం మింగుతుందన్నమాట! మళ్లీ నింపుకోవడానికి తిత్తి లోపల ఆమ్లం పెరుగుతుంది. ఆ ఆమ్లానికి విషంలోని పెద్ద ముక్క రూపం మార్చుకుని తిత్తి గోడకు రంధ్రం చేస్తుంది, చిన్న ముక్క అందులోంచి నరంలోకి జారుతుంది. ఆ చిన్న ముక్క జింకుతో పనిచేసే ఎంజైము. ‘ఎ’ రకమైతే 206 అమైనో ఆమ్లాల స్నాప్-25 కొస నుంచి తొమ్మిదింటిని కోసేస్తుంది, అంతే. దాంతో మెలిక పూర్తిగా బిగియదు. తిత్తులు నిండుగానే, పొర పక్కనే ఉంటాయి గానీ తెరుచుకోవు. ‘బి’ రకం సినాప్టోబ్రెవిన్‌ను కోస్తుంది.

విరుగుడు సీరం రక్తంలో తిరిగే విషాన్నే పట్టగలదు, నరంలోకి చేరినదాన్ని ముట్టలేదు. అందుకే అనుమానం రాగానే, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఇస్తారు. శ్వాస కండరాలు పడిపోతే రోగిని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి వెంటిలేటరు మీద ఉంచక తప్పదు. ఈలోగా నరం కొత్త మొలకలు వేసుకుంటుంది, ఎంజైము అరిగిపోయాక పాత కొస మళ్లీ పని అందుకుంటుంది. మెల్లకన్నుకో, నుదుటి ముడతలకో బొటాక్స్ వేయించుకున్నవాళ్లు మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ సూదికి రావలసింది కూడా ఇందుకే.