ఒక్క వరుస తప్పు పెట్టిన లెక్క

ఇది ఎనిమిదో తరగతి పిల్లలు చేసే రకం లెక్క. దీని సాధనలో ఒకే ఒక్క వరుస తప్పు. అది ఏ వరుసో కింది పేరాలోకి వెళ్లకముందే పట్టుకోవడానికి ప్రయత్నించండి.

(x + 5)/3 − (x − 3)/2 = 2
2(x + 5) − 3(x − 3) = 12
2x + 10 − 3x − 9 = 12
−x + 1 = 12
−x = 11
x = −11

తప్పు మూడో వరుసలో ఉంది. రెండో బ్రాకెట్ ముందున్న −3 తో లోపలి రెండు పదాల్నీ గుణించాలి. x ని గుణిస్తే −3x వచ్చింది, అది సరే. −3 ని గుణిస్తే +9 రావాలి. ఇక్కడ −9 పడింది. ఆ తర్వాతి వరుసలన్నీ పద్ధతి ప్రకారమే నడిచాయి. అయినా చివరికి 7 రావలసిన చోట −11 వచ్చింది.

పాఠ్యపుస్తకంలో ‘ఉదాహరణ’ కింద సాధించి చూపిన లెక్కనే తీసుకుని, కావాలని ఒకచోట చెడగొట్టి, తప్పు పట్టుకోమని పిల్లలకివ్వడం ఈ అభ్యాసం పద్ధతి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. రేఖాగణితానికి ఆద్యుడిగా చెప్పుకునే యూక్లిడ్, తప్పుడు నిరూపణలను గుర్తుపట్టడం నేర్పేందుకు ‘స్యూడారియా’ అనే పుస్తకం రాశాడని 5వ శతాబ్దపు వ్యాఖ్యాత ప్రోక్లస్ చెప్పాడు. ఆ పుస్తకం మనకు దక్కలేదు.

సాధించిన ఉదాహరణ చదవడం వల్ల మేలే జరుగుతుంది. బీజగణితం నేర్చుకునేవాళ్లు మొదట్లో సాధించిన లెక్కల్ని చదివితే, తర్వాత అదే తరహా లెక్కల్ని త్వరగా, తక్కువ తప్పులతో చేస్తారని ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. అయితే చదవడంలో ఒక చిక్కుంది. అచ్చులో ఉన్న సరైన వరుస మీదుగా చూపు సాఫీగా జారిపోతుంది. +9 ఎందుకు వచ్చిందని ఆగి అడిగే అవసరం విద్యార్థికి కలగదు. “అర్థమైంది సార్” అంటాడు, నోటుబుక్కులో −9 రాస్తాడు. ఆ ఆగడం తప్పనిసరి చేయడానికే తప్పును నాటడం.

ఎక్కడ నాటాలన్నదే అసలు పని. ముందు సరైన సాధనను పూర్తిగా రాసుకుని, ఒక వరుస నుంచి ఇంకో వరుసకు దిగే ప్రతిచోటా, “పిల్లలు ఇక్కడ ఏం చేస్తారు?” అని అడుగుతూ పోవాలి. పై లెక్కలో అలాంటి చోట్లు నాలుగు కనిపిస్తాయి. హారాలు తీసేయడానికి క.సా.గు. 6 తో గుణించేటప్పుడు కుడివైపు 2 ని గుణించడం మరిచిపోవచ్చు. బ్రాకెట్ విప్పేటప్పుడు గుర్తు తప్పవచ్చు. 19 ని అవతలి వైపుకి తీసుకెళ్లేటప్పుడు గుర్తు మార్చకపోవచ్చు. చివర్లో −x = −7 ని చూసి x = −7 అనేయవచ్చు.

ఈ నాలుగింటికీ వెనక ఒక ఆలోచన ఉంది, వాటి విలువ అందులోనే ఉంది. మొదటిదే తీసుకుందాం. క.సా.గు.తో గుణించడం అంటే హారాల్ని తీసేసే ఉపాయం అని పిల్లవాడి మనసులో ముద్రపడిపోయింది. కుడివైపున హారం లేదు కాబట్టి అక్కడ చేయాల్సిందేమీ లేదని వాడి లెక్క. సమీకరణం రెండు వైపులా సమానంగా ఉంచడం కోసమే గుణిస్తున్నామన్న విషయం అక్కడ జారిపోయింది. బ్రాకెట్ దగ్గర పొరపాటుకూ ఇలాంటి కారణమే ఉంది. −3 ని ఒకే సంఖ్యగా చూడకుండా మైనస్‌నీ 3నీ విడదీసి, గుణకారానికి 3 ని మాత్రం వాడుకుని, లోపలి మైనస్‌ని ఉన్నదున్నట్టు దించేస్తారు.

దీనికి బదులు ఏడెనిమిదులు 54 అని రాసి పెడితే అది నాటిన తప్పు అనిపించుకోదు. దాన్ని పట్టుకున్నవాడికి చెప్పడానికి ఏమీ ఉండదు. “ఎక్కం తప్పింది” అంటాడు, అంతే. పిల్లలు చేసే తప్పుల్లో చాలావాటికి సొంత నియమం ఉంటుందని అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో తీసివేతలపై ప్రచురించిన పనిలో వివరంగా చూపించారు. 52 లోంచి 27 తీసేయమంటే కొందరు 35 అంటారు. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచే 2 తీసేశారు. ప్రతిచోటా పెద్ద అంకె లోంచి చిన్న అంకె తీయడం వాళ్ల నియమం. అది తప్పు నియమమే అయినా, ప్రతి లెక్కలోనూ దాన్నే క్రమం తప్పకుండా పాటిస్తారు. నాటడానికి పనికొచ్చేది ఇలాంటి తప్పు. దాన్ని వెతకాల్సిన చోటు టీచరు ఊహ కాదు, దిద్దిన నోటుబుక్కులు, యూనిట్ టెస్ట్ పేపర్లు.

చోటు ఎంచుకున్నాక, తప్పు వరుస నుంచి కిందికి అన్నిటినీ మళ్లీ లెక్క కట్టాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. మూడో వరుసలో గుర్తు మార్చేసి, కింద పాత వరుసలనే ఉంచేస్తే నాలుగో వరుస కూడా తప్పవుతుంది. అప్పుడు విద్యార్థి గుర్తు గురించి ఆలోచించనక్కర్లేదు, రెండు వరుసలకు పొంతన కుదరలేదని చెప్పేసి బయటపడతాడు. జవాబు చూడ్డానికి ఎలా ఉందన్నదీ ముఖ్యమే. −47/13 లాంటిది వస్తే, ఎక్కడో తేడా ఉందని వరుసలు చదవకుండానే పసిగట్టేస్తారు. ఈ లెక్కను ఎంచుకోవడానికి అదో కారణం. బ్రాకెట్ దగ్గర తప్పితే −11, కుడివైపు గుణించడం మరిస్తే 17 వస్తాయి. రెండూ పూర్ణసంఖ్యలే, రెండూ నమ్మేలా ఉంటాయి.

ఆ జవాబుల్ని మొదటి సమీకరణంలో ప్రతిక్షేపించి సరిచూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. x = 17 పెడితే ఎడమవైపు 22/3 − 7, అంటే 1/3 వస్తుంది. రావలసింది 2. వచ్చింది సరిగ్గా అందులో ఆరోవంతు. కుడివైపు ఎగ్గొట్టిన 6 ఇలా తన జాడ చెబుతోంది. x = −11 పెడితే −2 + 7, అంటే 5 వస్తుంది. 2 కంటే 3 ఎక్కువ. హారాలు తీసేయడానికి 6 తో గుణించాం కాబట్టి ఆ 3 ని 6 తో గుణిస్తే 18. +9 కీ −9 కీ మధ్య తేడా కూడా 18. జవాబు సరిచూడటమంటే మార్కుల కోసం చివర రాసే ఒక వరుస అనుకునే విద్యార్థికి, తప్పు ఎక్కడ జరిగిందో కూడా అదే చెప్పగలదని చూపించడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

ఒక లెక్కలో ఒకే తప్పు ఉండాలి. రెండు పెడితే ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి కప్పేస్తుంది. ఒక్కోసారి పూర్తిగా రద్దు చేసేస్తుంది కూడా. ఇది చూడండి:

−x + 19 = 12
−x = 19 − 12
−x = 7
x = 7

రెండో వరుస తప్పు, చివరి వరుసా తప్పే. జవాబు మాత్రం సరైనది. ప్రతిక్షేపించి చూసినా దొరకదు. మొదటిసారి చేసే పిల్లలకు ఇది ఇవ్వకూడదు. కానీ ఒకటి రెండు నెలలు అలవాటైన తరగతికి, “జవాబు సరైనదే, ఈ విద్యార్థికి పూర్తి మార్కులు వేస్తారా?” అని ఇస్తే వాదన ఆ పీరియడ్ అంతా సాగుతుంది. జవాబు కలిస్తే చాలనుకునే అలవాటును కదిలించడానికి ఇంతకు మించిన లెక్క అరుదు.

తప్పు ఎంత బాగా నాటినా, కింద అడిగే ప్రశ్న సరిగ్గా లేకపోతే శ్రమ వృథా. “తప్పు ఎక్కడ?” అని మాత్రం అడిగితే వేలు పెట్టి చూపించి ఊరుకుంటారు. పై వరుస నుంచి న్యాయంగా రాని మొదటి వరుసకు గుర్తు పెట్టమనాలి. ఆ విద్యార్థి ఏమనుకుని అలా చేసి ఉంటాడో ఒక వాక్యంలో రాయమనాలి. తర్వాత అక్కడి నుంచి లెక్కను సరిగ్గా ముగించమనాలి. మూడింటిలో కష్టమైనది రెండోది, నేర్పేదీ అదే. “గుర్తు తప్పింది” అన్న జవాబును టీచరు ఒప్పుకోకూడదు. “−3 తో గుణించాల్సిన చోట 3 తోనే గుణించాడు” అన్నది జవాబు. చెడగొట్టిన సాధన మీద ఊహించిన పేరే ఉండాలి. తరగతిలోని ఏ పిల్లవాడి నోటుబుక్కూ అలా బోర్డెక్కకూడదు. అప్పుడప్పుడు తప్పే లేని సాధనను కూడా కలిపి ఇవ్వాలి. లేకపోతే సరైన వరుసను సరైనదని నిలబెట్టి చెప్పే సత్తా రాదు, అన్నిటినీ అనుమానించడం అలవాటవుతుంది.

తప్పు చూపిస్తే తప్పే నేర్చుకుంటారన్న భయం చాలామంది టీచర్లకు ఉంది. అది పూర్తిగా నిరాధారం కాదు. జర్మనీలో కార్నెలియా గ్రోస్సే, అలెగ్జాండర్ రెంక్ల్ సంభావ్యత లెక్కలతో ఈ విషయాన్ని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. విషయంలో ఇప్పటికే కొంత పట్టున్నవాళ్లకు తప్పు ఉదాహరణలు మేలు చేశాయి. పట్టు లేనివాళ్లకు, తప్పు ఎక్కడుందో ముందే గీత గీసి చూపించినప్పుడు పరిస్థితి మెరుగైంది. అంటే బ్రాకెట్లు విప్పడం నేర్పే మొదటి రోజున ఈ అభ్యాసానికి చోటు లేదు. నాలుగైదు సరైన సాధనలు చూశాక, కొన్ని లెక్కలు సొంతంగా చేశాక మొదలుపెట్టాలి. వెనకబడిన పిల్లలకు తప్పు వరుస కింద గీత గీసి ఇచ్చి, కారణం మాత్రం అడగాలి. గంట కొట్టేలోపు బోర్డు మీది తప్పు వరుసను కొట్టేసి, పక్కనే సరైన వరుస రాయాలి. పిల్లలు నోటుబుక్కులోకి దించుకునేది ఆ సరైన వరుసే కావాలి.

ఇంట్లో పిల్లల్ని చదివించే తల్లిదండ్రులూ ఇది చేయవచ్చు. సరైన సాధన పాఠ్యపుస్తకంలో అచ్చై ఉంది కాబట్టి కొత్త లెక్క తయారుచేసే పని లేదు. పిల్లల పాత పరీక్ష పేపరు తీసి, మళ్లీ మళ్లీ పోయిన మార్కు ఎక్కడిదో చూడండి. పుస్తకంలోని ఒక ఉదాహరణను తెల్లకాగితం మీద ఎత్తి రాసి, సరిగ్గా అదే తప్పును ఒక వరుసలో పెట్టి, కింది వరుసల్ని దానికి తగ్గట్టు మార్చండి. వచ్చిన జవాబును మొదటి సమీకరణంలో పెట్టి, అది నిజంగా తప్పుతోందో లేదో మీరే ముందు సరిచూసుకున్నాక ఆ కాగితం పిల్లల చేతికివ్వండి.