మూడు ముక్కలైతేనే అతికే పట్టిక

ఒక సప్లయర్ బోల్టులు అమ్ముతాడు. ఊరవతల కడుతున్న వంతెనకు బోల్టులు వాడుతున్నారు. ఆ సప్లయర్ ఆ వంతెనకు సరుకు పంపుతున్న మాటా నిజమే. మరి వంతెనకు అతను బోల్టులు పంపుతున్నట్టేనా?

అవునని వెంటనే అనాలనిపిస్తుంది. కానీ అతను వంతెనకు నట్లు మాత్రమే పంపుతూ, బోల్టులన్నీ ఊళ్లో కడుతున్న వాటర్ ట్యాంకుకు తరలిస్తూ ఉండొచ్చు. వంతెనకు కావలసిన బోల్టులు వేరే దుకాణం నుంచి వస్తూ ఉండొచ్చు. అప్పుడు పై మూడు మాటలూ నిజాలే, నాలుగోది మాత్రం కాదు.

ఐబీఎం వారి శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ ఇలాంటి పొరపాటు గురించి 1970లోనే హెచ్చరించాడు. ఈనాటి రిలేషనల్ డేటాబేస్‌లకు పునాది వేసిన వ్యాసంలోనే ఆ మాట ఉంది. సప్లయర్ నుంచి అతను అమ్మే విడిభాగానికి, ఆ విడిభాగం నుంచి దాన్ని వాడే ప్రాజెక్టుకు దారి పట్టుకుని వెళ్లి, ‘ఈ సప్లయర్ సరుకు అందే ప్రాజెక్టులు ఇవన్నీ’ అని తేల్చెయ్యడాన్ని ఆయన ‘కనెక్షన్ ట్రాప్’ అన్నాడు. దారి ఉన్నంత మాత్రాన సరుకు ఆ దారిన నడిచిందని కాదు. సప్లయర్, విడిభాగం, ప్రాజెక్టు అనే ఈ త్రయం ఆ తర్వాత డేటాబేస్ పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. ఐదో నార్మల్ ఫామ్‌ను వివరించడానికీ ఇదే అక్కరకొస్తుంది. ఎందుకంటే, కాడ్ ఉచ్చు అన్న ఆ తీర్మానమే ఒక సంస్థలో నిజంగా నియమమై కూర్చుంటే ఏమవుతుందన్నదే ఈ ఐదో రూపం కథ.

నాలుగు వరుసల పట్టికతో చూద్దాం. S1, S2 అనేవి ఇద్దరు సప్లయర్ల కోడ్‌లు.

```
సప్లయర్ | విడిభాగం | ప్రాజెక్టు
S1 | బోల్టు | ట్యాంకు
S1 | నట్టు | వంతెన
S2 | బోల్టు | వంతెన
S1 | బోల్టు | వంతెన
```

ఏ సప్లయర్ ఏ విడిభాగాన్ని ఏ ప్రాజెక్టుకు పంపుతున్నాడన్నది ఒక్కో వరుస చెబుతుంది. వరుసను గుర్తుపట్టాలంటే మూడు గడులూ కావాలి. ఏ రెండూ చాలవు. అంటే పట్టిక మొత్తమే కీ. ఇలా అంతా కీలోనే ఇమిడిపోయిన పట్టిక నార్మల్ ఫామ్‌ల తొలి మెట్లన్నీ ఇట్టే దాటేస్తుంది. S1 అమ్మే సరుకులకూ S1కు పని ఉన్న ప్రాజెక్టులకూ మధ్య పొంతన లేకపోతే నాలుగో రూపం అడ్డుపడేది. ఇక్కడ ఆ అభ్యంతరమూ లేదు. పైకి చూస్తే ఏ లోపమూ కనిపించదు.

ఇప్పుడు దీన్ని జంటలుగా విడదీద్దాం. సప్లయర్, విడిభాగం ఒక పట్టిక: S1 బోల్టు, S1 నట్టు, S2 బోల్టు. విడిభాగం, ప్రాజెక్టు రెండోది: బోల్టు ట్యాంకు, నట్టు వంతెన, బోల్టు వంతెన. సప్లయర్, ప్రాజెక్టు మూడోది: S1 ట్యాంకు, S1 వంతెన, S2 వంతెన.

మొదటి రెంటినీ విడిభాగం ఆధారంగా కలిపితే నాలుగు వరుసల బదులు ఐదు వస్తాయి. S2 బోల్టు అమ్ముతాడు, బోల్టు ట్యాంకుకు వెళుతుంది కాబట్టి ‘S2, బోల్టు, ట్యాంకు’ అనే దొంగ వరుస పుట్టుకొస్తుంది. S2కు ట్యాంకుతో ఏ సంబంధమూ లేదు. కాడ్ చెప్పిన ఉచ్చు సరిగ్గా ఇదే.

మిగతా జంటలు మెరుగేమీ కాదు. సప్లయర్ ఉమ్మడిగా ఉన్న రెండు పట్టికలను కలిపితే ‘S1, నట్టు, ట్యాంకు’ వస్తుంది. ప్రాజెక్టు ఉమ్మడిగా ఉన్న రెంటినీ కలిపితే ‘S2, నట్టు, వంతెన’ వస్తుంది. ఏ రెంటిని కలిపినా ఒక దొంగ వరుస తప్పదు. చిత్రమేమిటంటే, ప్రతిసారీ ఆ దొంగను పట్టించేది పక్కన పెట్టిన మూడో పట్టికే. ‘S2, ట్యాంకు’ మూడో పట్టికలో లేదు కాబట్టి మొదటి దొంగ రాలిపోతుంది. ‘నట్టు, ట్యాంకు’ జంట లేదు కాబట్టి రెండోదీ, ‘S2, నట్టు’ లేదు కాబట్టి మూడోదీ నిలవవు. మూడూ కలిశాకే అసలు నాలుగు వరుసలు, ఎక్కువా తక్కువా లేకుండా, తిరిగొస్తాయి.

పట్టికను కొన్ని ముక్కలు చేసి మళ్లీ కలిపితే ఎప్పుడూ అదే పట్టిక రావాలన్న నిబంధనకు జాయిన్ డిపెండెన్సీ అని పేరు. ఇందులో ‘ఎప్పుడూ’ అన్న మాటను వదిలెయ్యకూడదు. ఈ రోజు పట్టికలో ఉన్న నాలుగు వరుసలు అతికాయంటే అది కాకతాళీయం కావచ్చు. రేపు చేరే వరుసలతోనూ అతకాలంటే వ్యాపారంలోనే ఒక నియమం ఉండాలి: సప్లయర్ ఒక విడిభాగం అమ్ముతూ, ఆ విడిభాగం ఒక ప్రాజెక్టుకు వెళుతూ, ఆ సప్లయర్ ఆ ప్రాజెక్టుకు ఏదో ఒకటి పంపుతూ ఉంటే, ఆ విడిభాగాన్ని కూడా ఆ ప్రాజెక్టుకు అతను పంపి తీరాలి. మొదటి పేరాలోని ప్రశ్నకు ‘అవును’ అనే జవాబును సంస్థ తన పద్ధతిగా రాసుకోవాలన్నమాట.

నియమం ఉండి కూడా అంతా ఒకే పట్టికలో ఉంచితే చిక్కు ఎక్కడొస్తుందో చూడండి. మొదట పట్టికలో పై రెండు వరుసలే ఉన్నాయనుకుందాం. గుమాస్తా మూడోదాన్ని చేర్చాడు: S2 వంతెనకు బోల్టులు పంపుతాడు. S1 ఊసే ఎత్తని ఈ వరుసతో బోల్టులు వంతెనకు వెళతాయన్న సంగతి కొత్తగా తెలిసింది. S1 బోల్టులు అమ్ముతాడు, వంతెనకు సరుకు పంపుతాడు. కాబట్టి నియమం ప్రకారం ‘S1, బోల్టు, వంతెన’ను కూడా చేర్చాలి. S2 గురించి రాస్తుంటే S1 వరుస కూడా రాయాలని ఎవరికి తడుతుంది?

తీసెయ్యడం ఇంకా తలనొప్పి. S2 వరుసను తీస్తే ఏ ఇబ్బందీ లేదు. ‘S1, బోల్టు, వంతెన’ను తీస్తే మాత్రం మిగిలిన మూడు వరుసలు కలిసి దాన్ని మళ్లీ రప్పిస్తాయి. అది పోవాలంటే ఆ మూడింట్లో ఇంకొకటి పోవాలి. ఏది పోవాలో ఒకే పట్టిక చెప్పలేదు.

మూడు పట్టికలున్నప్పుడు ఆ సందిగ్ధం సూటి ప్రశ్నగా మారుతుంది. అసలు ఏం జరిగింది? S1 బోల్టులు అమ్మడం మానేశాడా? అయితే మొదటి పట్టికలో ఆ జంట తీసెయ్యాలి. అతని ట్యాంకు వరుస కూడా దానితో పోతుంది. వంతెనకు ఇక బోల్టులు అక్కర్లేదా? అయితే S2 వరుస పోతుంది. S1కూ వంతెన కాంట్రాక్టరుకూ చెడిందా? నట్టు వరుస పోతుంది. జరిగిన సంగతి ఒకటి, మార్చాల్సిన చోటు ఒకటి. ఐదో రూపం వల్ల దక్కే అసలు లాభం ఇదే తప్ప, నాలుగు వరుసల్లో చోటు ఆదా కాదు.

ఐబీఎం శాన్ హోసేలోనే పనిచేసిన రొనాల్డ్ ఫాగిన్ 1977లో నాలుగో రూపాన్నీ, 1979లో ఈ ఐదో దాన్నీ ప్రతిపాదించాడు. ఆయన దానికి పెట్టిన పేరులో ప్రొజెక్షన్, జాయిన్ అనే మాటలు చేరి ఉన్నాయి. విడదీయడం, అతకడం అనే రెండు పనులే దానికి కొలబద్ద మరి. నిర్వచనం పొట్టిది: పట్టిక మీద ఉన్న ప్రతి జాయిన్ డిపెండెన్సీ దాని కీల వల్లనే వచ్చినదైతే అది ఐదో నార్మల్ ఫామ్‌లో ఉన్నట్టు. ఉద్యోగి నంబరు, పేరు, పుట్టినతేదీ ఉన్న పట్టికను నంబరు పట్టుకుని రెండు ముక్కలు చేసినా తిరిగి అతుకుతుంది, కానీ అది కీ పుణ్యం. అందులో దాగిన వ్యాపార నియమం ఏదీ లేదు. మన పట్టిక మూడు ముక్కల నుంచి అతకడానికి కీతో పనిలేదు, వ్యాపార నియమమే కారణం. అందుకే అది ఐదో రూపంలో లేనట్టు లెక్క.

పనిచేస్తున్న డేటాబేస్‌లో ఈ నియమం ఉందో లేదో పసిగట్టడానికి ఒక చిన్న క్వెరీ చాలు. పట్టిక పేరు `spj`, గడులు `s`, `p`, `j` అనుకుంటే, పోస్ట్‌గ్రెస్‌లో ఇలా అడగొచ్చు:

```sql
SELECT a.s, a.p, b.j
FROM spj a
JOIN spj b ON b.p = a.p
JOIN spj c ON c.s = a.s AND c.j = b.j
EXCEPT
SELECT s, p, j FROM spj;
```

పట్టికను మూడు ముక్కలుగా చూసి, కలిపి, అందులోంచి అసలు వరుసలను తీసేస్తుంది ఇది. ఒక్క వరుస మిగిలినా ఆ డేటా నియమాన్ని పాటించడం లేదని తేలిపోతుంది. అలాంటి పట్టికను మూడుగా విడదీస్తే దొంగ వరుసలు నిజమైన సరఫరాల్లో కలిసిపోతాయి. ఏమీ మిగలకపోతే మాత్రం నియమం ఉన్నట్టు రుజువు కాదు. ఇప్పటిదాకా ఎవరూ దాన్ని మీరలేదని మాత్రమే అర్థం. అప్పుడు లేచి వెళ్లి కొనుగోళ్ల విభాగంలో అడగాల్సిందే.

అడిగితే ఎక్కువసార్లు వచ్చే జవాబు ‘అలాంటి రూలేమీ లేదండీ’ అనే. ఎవరి దగ్గర ఏ సరుకు కొనాలో ధరను బట్టి, దూరాన్ని బట్టి, చేసుకున్న ఒప్పందాన్ని బట్టి తేలుతుంది. అప్పుడు మూడు గడుల పట్టిక ఉన్నదున్నట్టే ఐదో రూపంలో ఉంటుంది. దాన్ని విడదీయడమే తప్పు. ఐదో రూపం అంటే చిన్న పట్టికలు అని బట్టీపట్టినవారు బోల్తాపడేది ఇక్కడే.

పని తగ్గించే ఒక సంగతి కూడా ఉంది. పట్టిక మూడో రూపంలో ఉండి, దాని కీలన్నీ ఒక్కో గడివే అయితే అది ఐదో రూపంలోనూ ఉన్నట్టేనని క్రిస్ డేట్, ఫాగిన్ కలిసి 1992లో నిరూపించారు. దీన్ని చూసి ప్రతి పట్టికకూ ఒక `id` గడి తగిలించి ఊరుకుంటామంటే కుదరదు. `id` చేరినా సప్లయర్, విడిభాగం, ప్రాజెక్టు మూడూ కలిసి ఇంకా కీగానే ఉంటాయి. అది మూడు గడుల కీ కాబట్టి డేట్, ఫాగిన్‌ల షరతు అక్కడ వర్తించదు.

కాడ్ 1970 నాటి పట్టికలో నాలుగో గడి కూడా ఉండేది: పరిమాణం. S1 వంతెనకు 500 బోల్టులు పంపాడన్న మాట మూడింటికీ కలిపి చెందినది. దాన్ని సప్లయర్, విడిభాగం జంట పక్కన రాయలేం, మిగతా రెండు జంటల పక్కనా రాయలేం. అందువల్ల నియమం ఉన్న సంస్థలో కూడా ఎవరు ఎవరికి ఏది పంపగలరన్నది మూడు జంట పట్టికల్లోకి వెళుతుంది. పంపిన లెక్క మాత్రం తేదీ, పరిమాణం, ధరలతో విడిగా ఒకే పట్టికలో ఉంటుంది. ఆ లెక్కలోని ప్రతి వరుసనూ మూడు జంటలతో సరిచూసే బాధ్యతను ఫారిన్ కీలకు అప్పగిస్తే, S2 పేరున ట్యాంకుకు బోల్టులు రాయబోయిన గుమాస్తాకు డేటాబేస్ అక్కడే ఎర్రర్ చూపిస్తుంది.