స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆ ‘టక్’ ఎక్కడిది?

స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే కారు ముందు భాగంలో ‘టక్’మంటే చాలామంది షాక్ అబ్జార్బర్లు పోయాయనుకుంటారు. వాటి ఖర్చుకు సిద్ధపడే ముందు లింక్ రాడ్లను చూడాలి. స్టెబిలైజర్ బార్‌ను రెండు వైపులా చక్రాల సస్పెన్షన్‌తో కలిపే సన్నటి కడ్డీలివి.

రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే ఆ బార్ తన బుష్‌లలో తిరుగుతుందంతే, లింక్‌పై భారం తక్కువ. ఒక్క చక్రమే గుంతలో పడితే బార్ మెలిపడి లింక్‌ను గట్టిగా లాగుతుంది. అందుకే నిదానంగా వెళ్తూ, ఒక చక్రం గుంతలో పడినప్పుడే శబ్దం ఎక్కువగా వస్తే ముందుగా లింక్‌నే అనుమానించాలి.

ఇంజిన్ ఆపి, చక్రాలు నేలమీదే ఉండగా లింక్‌ను చేత్తో ఊపించండి. ఒక్క చక్రాన్నే జాకీతో లేపితే బార్ బిగుసుకుని లూజు దాగిపోతుంది.

లింక్ బాగుండి, బ్రేక్ వేసినప్పుడూ శబ్దం వస్తుంటే లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు చిరిగిందేమో చూడాలి. షాక్ అబ్జార్బర్ వంటినిండా ఆయిల్ కారినా, బానెట్ మూల నొక్కి వదిలాక కారు పదేపదే ఊగినా దాన్ని మార్చాల్సిందే.

కొత్త ఆర్మ్ బుష్ బోల్టులను కారు బరువు చక్రాలపై ఉండగానే చివరిగా బిగించమనండి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది.