ఫోన్ స్క్రీన్ పదును: మన కంటికి కనిపించేది ఎంత?



వర్క్‌షీట్లు, రివిజన్ వీడియోలు ఫోన్‌కే వస్తుండటంతో పేరెంట్-టీచర్ మీటింగ్‌లో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "ఎక్కువ రిజల్యూషన్ ఉన్న ఫోన్ కొంటే పిల్లల కళ్ళకి మంచిదా?" అట్టపెట్టె మీది అంకెలను మన కంటితో పోల్చి చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

కంటి డాక్టర్ దగ్గర ఆరు మీటర్ల దూరం నుంచి చదివించే చార్టు మీకు గుర్తుండే ఉంటుంది. 'సిక్స్ బై సిక్స్' వరుసలో అక్షరం ఎత్తు 9 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ అక్షరంలోని ఒక్కో గీత మందం అందులో ఐదో వంతు. అంత దూరం నుంచి ఆ గీత మన కంటి దగ్గర చేసే కోణం ఒక డిగ్రీలో 60వ వంతు. మామూలు చూపు ఉన్నవారు వేరు చేసి చూడగలిగేది సుమారుగా అంతవరకే. స్క్రీన్ మీది చుక్క, అంటే పిక్సెల్, అంతకన్నా చిన్న కోణంలో ఉంటే పక్క చుక్కతో కలిసిపోతుంది.

ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్ళు ఉన్నాయో చెప్పే సంఖ్యను పిపిఐ అంటారు. 8,700ని పిపిఐతో భాగిస్తే ఒక దూరం సెంటీమీటర్లలో వస్తుంది. ఫోన్‌ను అంతకన్నా దూరంగా పట్టుకుంటే చుక్కలు విడిగా కనిపించవు.

ఇప్పుడు 6.7 అంగుళాల ఫోన్లు మూడు తీసుకుందాం. హెచ్‌డీ ప్లస్ అని రాసి ఉండే 720×1600 స్క్రీన్‌లో పిపిఐ సుమారు 262, కాబట్టి దూరం 33 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీ ప్లస్ అంటే 1080×2400. దాని పిపిఐ 393, దూరం 22 సెంటీమీటర్లు. అన్నిటికన్నా ఖరీదైన 1440×3200 స్క్రీన్‌లో 524, దూరం 17 సెంటీమీటర్లు. ఈ పిపిఐలు మీరే కట్టుకోవచ్చు. మన తొమ్మిదో తరగతి పిల్లలకు తెలిసిన పైథాగరస్ సూత్రంతో స్క్రీన్ కర్ణంలో ఎన్ని పిక్సెళ్ళున్నాయో తెలుసుకుని, 6.7తో భాగిస్తే చాలు.

మీ ఇంట్లో ఫోన్‌ని ఎంత దూరంలో పట్టుకుంటున్నారో ఒకసారి స్కేలుతో కొలవండి. పెద్దవాళ్ళం సాధారణంగా 30 నుంచి 35 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం. ఆ దూరంలో మొదటి ఫోన్‌కి, రెండో ఫోన్‌కి తేడా కొద్దిగానే తెలుస్తుంది. పిల్లలు మాత్రం 25 సెంటీమీటర్లకే తెచ్చుకుంటారు. పైగా చాలామంది పిల్లల చూపు సిక్స్ బై సిక్స్ కన్నా పదునుగా ఉంటుంది. అందుకే 'క్ష్మ', 'త్ర్య' లాంటి ఒత్తుల అంచులు మొదటి ఫోన్‌లో వాళ్ళకి మెట్లుమెట్లుగా కనిపించవచ్చు. రెండో ఫోన్‌కి పెట్టే అదనపు డబ్బుకి అర్థం ఉంది. రెండో దాని నుంచి మూడో దానికి వెళ్ళడానికి మాత్రం నాకైతే కారణం కనిపించదు. 17 సెంటీమీటర్ల దూరంలో ఏ పిల్లాడూ చదవకూడదు కదా! ఒకవేళ మీ అబ్బాయో అమ్మాయో అంత దగ్గరగా పెట్టుకుని చూస్తుంటే మార్చాల్సింది ఫోన్ కాదు, ముందు కళ్ళు పరీక్ష చేయించాలి.

అసలు మసక చాలాసార్లు స్క్రీన్‌ది కాదు, ఫైల్‌ది. వర్క్‌షీట్‌ని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూడండి. అక్షరాలు నున్నగానే ఉంటే అది టైపు చేసిన ఫైల్, మంచి స్క్రీన్ దానికి ఉపయోగపడుతుంది. చెదిరిపోతే అది ఎవరో ఫొటో తీసి, మెసేజ్‌లో పంపేటప్పుడు కుదించుకుపోయిన కాపీ. దాన్ని ఏ స్క్రీనూ బాగు చేయలేదు. తక్కువ క్వాలిటీలో పెట్టుకుని చూసే వీడియో కూడా అంతే.

ఇక హెచ్‌డీఆర్. దీనికీ పదునుకీ సంబంధం లేదు. ఇది వెలుగు నీడల సంగతి. దీపావళి రాత్రి చిచ్చుబుడ్డిని మామూలు వీడియోలో చూస్తే నిప్పురవ్వలన్నీ ఒకటే తెల్లటి ముద్దగా ఉంటాయి, వెనక నిలబడ్డ మనుషులు చీకట్లో కలిసిపోతారు. సరైన హెచ్‌డీఆర్‌లో రవ్వల రంగూ తెలుస్తుంది, ముఖాలూ తెలుస్తాయి.

కానీ అట్టపెట్టె మీద 'హెచ్‌డీఆర్ 10' అని ఉంటే, ఆ రకం వీడియోని ఫోన్ అర్థం చేసుకోగలదని మాత్రమే అర్థం. ఆ వెలుగును చూపించే శక్తి స్క్రీన్‌కి ఉందని కాదు. వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. ఇలాంటి వీడియోలను చాలావరకు 1,000 నిట్స్ లెక్కన తయారు చేస్తారు. 500 నిట్స్ మాత్రమే ఇచ్చే స్క్రీన్ ఆ వెలుగుని కుదించి చూపిస్తుంది. అప్పుడు మామూలు వీడియోకీ దానికీ పెద్ద తేడా ఉండదు, ఒక్కోసారి ఇంకా డల్‌గా కూడా ఉంటుంది. 'పీక్ బ్రైట్‌నెస్' అని పెద్దగా వేసే అంకెను కూడా జాగ్రత్తగా చూడండి. అది సాధారణంగా స్క్రీన్‌లో ఒక చిన్న భాగం కాసేపు ఇవ్వగలిగే వెలుగు. మొత్తం స్క్రీన్‌ది వేరుగా రాసి ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకోండి. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు చదవడానికైతే హెచ్‌డీఆర్ అవసరమే లేదు.

షాపుకి వెళ్ళేటప్పుడు చిన్న తెలుగు అక్షరాలున్న ఒక వర్క్‌షీట్‌ని, టైపు చేసిన ఫైల్‌గానే, దగ్గర ఉంచుకోండి. రెండు ఫోన్లలో తెరిచి, బ్రైట్‌నెస్ సమానంగా పెట్టి, ఇంట్లో కొలిచిన దూరంలోనే పట్టుకుని చూడండి. నలభై దాటినవారు దగ్గరచూపు అద్దాలు మరచిపోవద్దు. వీలైతే చదవబోయే పిల్లల్నే తీసుకెళ్ళి, ఏది ఎంత ధరో చెప్పకుండా అడగండి.