జవాబు సరైనదే, సమయమే చాల్లేదు

గ్రాఫ్ అసైన్‌మెంట్‌లో సగం మందికి "టైమ్ అవుట్" వచ్చింది. సర్వర్ నెమ్మదిగా ఉందని విద్యార్థులు గోల చేస్తే, టీచింగ్ అసిస్టెంట్ క్లాసు మొత్తానికి ఈమెయిల్ పెట్టారు. తప్పు సర్వర్‌ది కాదు, ఈ ఒక్క లైనుదని:

```
visited = []
```

ఊళ్లు, వాటిని కలిపే రోడ్లు అనుకుంటే అదే గ్రాఫ్. ఒక ఊరి నుంచి మొదలుపెట్టి అన్నీ చుట్టిరావాలి. చూసిన ఊరికి మళ్లీ వెళ్లకుండా పేర్లు రాసుకుంటూ పోవాలి. పైథాన్‌లో ఆ పేర్లు లిస్టులో ఉంటే, `if v not in visited` అన్న ప్రతిసారీ అది మొదటి పేరు నుంచి వెతుక్కుంటూ వస్తుంది.

వెయ్యి ఊళ్లు, వెయ్యి రోడ్లు ఉంటే ఒక్కో రోడ్డును రెండు వైపుల నుంచీ చూడాలి కాబట్టి రెండు వేల ప్రశ్నలు. ఒక్కోదానికి సగటున ఐదు వందల పోలికలనుకుంటే మొత్తం పది లక్షలు. కంప్యూటర్‌కి అదో లెక్కా? అందుకే ఇంట్లో పరీక్షించినప్పుడు అందరికీ పాసయింది. అసలు పరీక్షలో ఊళ్లూ రోడ్లూ రెండేసి లక్షలు. ప్రశ్నలు నాలుగు లక్షలు, ఒక్కోదానికి సుమారు లక్ష పోలికలు: నాలుగు వేల కోట్లు! సెకన్లలో తేలాల్సింది నిమిషాలకు పాకింది.

మందు చిన్నదే:

```
visited = set()
visited.add(v)
```

సెట్ ప్రతి పేరుకూ హ్యాష్ విలువ కట్టి, నేరుగా ఆ చోటే చూస్తుంది. ఎన్ని పేర్లున్నా వెతుకులాట దాదాపు ఒకటే. బదులుగా మెమరీ కాస్త ఎక్కువ తింటుంది.

ఈమెయిల్‌లో నాకు నచ్చింది చివరి చిట్కా. ఇన్‌పుట్ రెట్టింపు చేసి చూడండి. సమయం సుమారు రెండింతలైతే సరే, నాలుగింతలైతే ఎక్కడో లిస్టు దాక్కుని ఉంది. క్యూలో `pop(0)` వాడినవాళ్లు అక్కడా వెతకాలి. మొదటిది తీసిన ప్రతిసారీ మిగతావన్నీ ఒక స్థానం ముందుకు జరుగుతాయి. `deque` వాడితే ఆ బెడద లేదు.